యాప్‌లో 20 శాతం, మిద్దె మీద కుంభవృష్టి: వాన కబురు ఎలా చదవాలి

పోయిన ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి వంగ మొక్కలకు వేపనూనె కొట్టాను. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల నూనె, కాస్త కుంకుడు రసం, మొత్తం ఆరు లీటర్లు. కొట్టే ముందు ఫోన్ చూశాను. వాన పడే అవకాశం 20 శాతం అని ఉంది. ఆరు కాకముందే మబ్బు కమ్ముకొచ్చి అరగంట సేపు కుమ్మరించింది. మందంతా కడుక్కుపోయింది. అదే సమయంలో మా హైదరాబాద్‌లోనే ఇంకో మూలన ఉన్న ఉప్పల్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళ మిద్దె మీద బట్టలు ఆరుతున్నాయట.

కోపం వచ్చి ఆ యాప్ తీసేశాను. ఇంకొకటి వేసుకున్నాను, అది కూడా అంతే. తర్వాత మూడు యాప్‌లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే మూడూ మూడు మాటలు చెప్పేవి. ఏది మంచి యాప్ అని చాలా రోజులు వెతికాను. చివరికి తేలిందేమిటంటే, తప్పు నా ప్రశ్నలోనే ఉంది. బుధవారం ఎండగా ఉంటుందా అన్నది ఒక ప్రశ్న. ఇంకో గంటలో నిజాంపేటలో మా మిద్దె మీద పడుతుందా అన్నది వేరే ప్రశ్న. ఈ రెంటికీ జవాబులు వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి. ఒక్క బొమ్మ, ఒక్క అంకె చూసి రెంటికీ జవాబు తీసుకోబోయాను.

20 శాతం అంటే ఏ 20 శాతం?

చాలామంది దీన్ని రకరకాలుగా అర్థం చేసుకుంటారు. ఊళ్ళో ఐదో వంతు భాగంలో పడుతుందని కొందరు, రోజులో ఐదో వంతు సేపు పడుతుందని కొందరు అనుకుంటారు. పడినా చిన్న జల్లేలే అని నేను అనుకునేవాణ్ణి. ఇవేవీ కావు. గాలి, తేమ, మబ్బు ఈ రోజు ఉన్నట్టే ఉన్న రోజులు పది తీసుకుంటే, మీరున్న చోట రెండు రోజులు వాన పడుతుంది, ఎనిమిది రోజులు పడదు. దాని అర్థం ఇంతే. ఆ ఆదివారం నాకు దొరికింది ఆ రెండు రోజుల్లో ఒకటి. యాప్ చెప్పింది తప్పని ఆ ఒక్క రోజును బట్టి అనలేం. 20 శాతం అని చెప్పిన యాభై రోజులు చూసి, అందులో పది రోజుల చుట్టుపక్కల వాన పడిందా లేదా అని లెక్కేస్తేనే అది సరైన యాప్ అవునో కాదో తెలుస్తుంది.

ఇంకో సంగతి ఉంది, మిద్దె తోట వాళ్ళకు ఇదే ముఖ్యం. ఆ శాతంలో ఎంత వాన అన్నది ఉండదు. అమెరికా వాతావరణ సంస్థ లెక్కలో పావు మిల్లీమీటరు పడినా అది వాన కిందికే వస్తుంది. పావు మిల్లీమీటరంటే నేల తడిసీ తడవనట్టు ఉంటుంది. కాబట్టి 80 శాతం అని ఉండి రోజంతా తుంపర పడొచ్చు, 30 శాతం అని ఉండి పడితే పాతిక మిల్లీమీటర్లు దంచెయ్యొచ్చు. పూతకొచ్చిన టమాటాకు, అప్పుడే నాటిన నారుకు రెండోదే ప్రమాదం. శాతం చూశాక దాని కింద ఉన్న మిల్లీమీటర్లు కూడా చూడాలి. చాలా యాప్‌లలో ఆ రోజు మీద నొక్కితే కనబడతాయి. మిల్లీమీటర్లు చూపించని యాప్‌ను నేను మొక్కల కోసం వాడను.

రోజుకు 60 శాతం అని ఉండి, గంటగంటకు విప్పి చూస్తే ఎక్కడా 25 దాటకపోవచ్చు. ఇందులో గందరగోళం లేదు. ఎప్పుడో ఒకప్పుడు పడే అవకాశం ఎక్కువ, ఫలానా గంటలోనే పడే అవకాశం తక్కువ. అంతే.

ఊరంతా ఎనిమిది గళ్ళు

ఇక మా చెల్లెలింట్లో ఎండ, మా ఇంట్లో వాన సంగతి. మన ఫోన్లలోని యాప్‌లు చాలావరకు సొంతంగా వాతావరణాన్ని లెక్కకట్టవు. ప్రపంచంలో కొన్ని పెద్ద సంస్థలు సూపర్ కంప్యూటర్ల మీద లెక్కకట్టిన ఫలితాలను తీసుకుని, వాటికి మెరుగులు దిద్ది చూపిస్తాయి. ఐరోపా వాళ్ళ లెక్క ఒకటి, అమెరికా వాళ్ళది ఒకటి, జర్మనీ వాళ్ళది ఒకటి. విండీ యాప్‌లో అడుగున ECMWF, GFS, ICON అని కనబడేవి ఇవే. మన దేశంలో పుణెలోని ఉష్ణదేశ వాతావరణ సంస్థ తయారు చేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 2025 మే నెలలో వాడకంలోకి వచ్చింది.

ఈ లెక్కలన్నీ భూమిని గళ్ళుగా విడగొట్టి చేస్తాయి, గళ్ళ నోటుపుస్తకంలా. ఐరోపా వాళ్ళ గడి పొడవు సుమారు 9 కిలోమీటర్లు, అమెరికా వాళ్ళది 13, మన కొత్తదానిది 6. పాత జీహెచ్‌ఎంసీ పరిధి దాదాపు 650 చదరపు కిలోమీటర్లు. 9 కిలోమీటర్ల గడి అంటే 81 చదరపు కిలోమీటర్లు. అంటే ఐరోపా లెక్కకు హైదరాబాద్ నగరం మొత్తం ఎనిమిది గళ్ళు! ఒక్కో గడికి ఒకే వాన, ఒకే గాలి, ఒకే ఉష్ణోగ్రత.

మన దగ్గర ఎండాకాలం చివర్లోనూ, వానాకాలంలో ముసురు లేని రోజుల్లోనూ మధ్యాహ్నం తర్వాత లేచే క్యుములోనింబస్ మేఘాలు ఉంటాయి కదా, వాటిలో గట్టిగా కురిసే భాగం కొద్ది కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. అది 9 కిలోమీటర్ల గడిలో ఒక మూలకు పడుతుంది. లెక్కకు ఆ మేఘం విడిగా కనబడదు. ఈ గడిలో వేడి ఇంత, తేమ ఇంత, కాబట్టి వాన సగటున ఇంత ఉండొచ్చు అని మాత్రమే అది అంచనా కడుతుంది. గడిలో పదో వంతు మీద 30 మిల్లీమీటర్లు కురిసి, మిగతా తొమ్మిది వంతుల్లో చుక్క పడలేదనుకోండి. గడి సగటు 3 మిల్లీమీటర్లు. యాప్‌లో కనబడేది ఆ మూడే. నిజానికి 3 మిల్లీమీటర్లు ఎవరింటి మీదా పడలేదు. పడినవాళ్ళకు ముప్పై పడ్డాయి, పడనివాళ్ళకు సున్నా. ఇద్దరూ యాప్‌ను తిట్టుకుంటారు.

అందుకే యాప్‌లో మన కాలనీ పేరు కనబడగానే ఆ అంకె మన కాలనీదే అని నమ్మకూడదు. యాప్ చేసేదల్లా మన లొకేషన్ ఏ గడిలో ఉందో చూసి, పక్క గళ్ళతో కాస్త సర్ది చూపించడమే. రోజంతా ప్రతి గంటకూ 0.4, 0.6, 0.5 మిల్లీమీటర్లు అని వరుసగా కనబడితే నేను దాన్ని "ఈ చుట్టుపక్కల ఎక్కడో గట్టిగా పడొచ్చు, ఎక్కడో తెలియదు" అని చదువుకుంటాను.

ఈ లెక్కలు ఎప్పటికప్పుడు కొత్తవి అయిపోవు కూడా. ముఖ్యమైన లెక్క మన టైము ప్రకారం ఉదయం 5:30, సాయంత్రం 5:30 పరిస్థితిని తీసుకుని మొదలవుతుంది. ఐరోపా వాళ్ళ ఉదయం లెక్క మన చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. పొద్దున ఏడింటికి కాఫీ తాగుతూ చూసే అంచనా నిన్నటి గాలిని బట్టి కట్టింది. ఆ రోజు సాయంత్రం పని గురించి అయితే మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఇంకోసారి చూడటం మంచిది.

వాళ్ళకు బాగా తెలిసేది, తెలియనిది

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలన్న మాట విడి మేఘానికి ఇప్పటికీ సరిపోతుంది. వాయుగుండానికి సరిపోదు. వందల కిలోమీటర్ల మేర పరుచుకుని, రోజుల తరబడి కదిలే వ్యవస్థ అది. ఎన్నో గళ్ళ మీద ఉంటుంది కాబట్టి లెక్కకు దొరుకుతుంది. 2020 అక్టోబరు 13 ఉదయం తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఆ సాయంత్రం, రాత్రి హైదరాబాద్ మునిగింది. తెలంగాణకు భారీ వర్షాలు ఉన్నాయని ముందే హెచ్చరికలు వచ్చాయి. అయితే అంత పెద్ద వ్యవస్థలోనూ ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు, బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడ్డాయి. వాన వస్తుందన్నది ముందే తెలిసింది. ఏ వీధిలో ఎంత అన్నది మాత్రం తెలియలేదు.

కాబట్టి వారం ముందు అంచనా చూసేటప్పుడు ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ వాన దేని వల్ల? బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందా, ద్రోణి ఉందా, లేక ఎండ వేడికి లేచే మేఘాలా? వాతావరణ శాఖ బులెటిన్ మొదటి రెండు పంక్తుల్లో ఇది ఉంటుంది. అల్పపీడనం వల్ల అయితే నాలుగైదు రోజుల ముందు చెప్పిన మాటను కూడా పనికి వాడుకోవచ్చు. వేడి మేఘాలైతే రేపటి సంగతి కూడా అనుమానమే.

దీన్ని తేల్చుకోవడానికి నేను వాడే ఉపాయం ఒకటుంది. విండీలో మన ఊరి మీద నొక్కి, ECMWF, GFS రెంటినీ పోల్చి చూస్తాను. రెండూ గురు, శుక్రవారాల్లో వానలు పెరుగుతాయని చెబితే నమ్ముతాను. ఒకటి గురువారం 40 మిల్లీమీటర్లు చూపించి, ఇంకొకటి రెండు చూపిస్తే, సగటు తీసుకుని ఇరవై అనుకోను. ఇంకా తేలలేదని అర్థం. రెండు రోజులాగి మళ్ళీ చూస్తాను.

"ఒకటి రెండు చోట్ల" అన్న మాట బరువు

రెండు మూడు రోజుల ముందు నుంచి భారత వాతావరణ శాఖ జిల్లాలవారీ హెచ్చరికలే నాకు ఆధారం. mausam.imd.gov.in లోనూ, మౌసమ్ యాప్‌లోనూ ఉంటాయి. వాటిలో రంగు కన్నా ముందు వాక్యం చదవాలి. అందులోని ప్రతి మాటకూ ఒక కొలత ఉంది.

"ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో పావు వంతుకు మించకుండా పడుతుందని. "కొన్ని చోట్ల" అంటే సగం వరకు, "చాలా చోట్ల" అంటే ముప్పావు వరకు. "దాదాపు అన్ని చోట్ల" అంటే అంతకు మించి. అలాగే "భారీ వర్షం" అన్నది ఊరికే వాడే మాట కాదు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. 15.6 నుంచి 64.4 వరకు మోస్తరు వర్షం అంటారు. మనం "అబ్బ, ఏం వానరా" అనుకునే 40 మిల్లీమీటర్లు వాళ్ళ లెక్కలో మోస్తరే.

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: "జిల్లాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షం, చాలా చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షం." మిద్దె తోట భాషలో చెప్పాలంటే, మన మీద ఎంతో కొంత పడే అవకాశం బాగా ఉంది, 65 మిల్లీమీటర్లు పడే అవకాశం తక్కువ. టీవీలో వచ్చేది మాత్రం "జిల్లాకు ఆరెంజ్ అలర్ట్" అన్న ముక్కే. పడకపోతే "వీళ్ళు ఎప్పుడూ ఇంతే" అంటాం.

రంగు చెప్పేది సిద్ధంగా ఉండాల్సిన స్థాయిని. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే చర్య తీసుకోండి. పసుపు రంగు ఒక్కోసారి వానకు కాక గాలికీ ఉరుములకూ ఇస్తారు. "గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అని ఉంటే నేను వాన లెక్క పక్కన పెట్టి, ముందు బీర పందిరి కట్లు చూసుకుంటాను. మామూలు యాప్‌లో గాలి 12 కిలోమీటర్లు అని చూపించేది సగటు వేగం. పందిరిని పడగొట్టేది కొద్ది సెకన్ల విసురు. విండీలో దానికి వేరే వరుస ఉంటుంది.

హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు ఒక పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. హెచ్చరిక జిల్లాకు ఇస్తారు. నిజాంపేట, కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. గచ్చిబౌలి, ఎల్బీనగర్ రంగారెడ్డిలోకి వస్తాయి, పటాన్‌చెరు సంగారెడ్డిలోకి. హైదరాబాద్ జిల్లా పేరు మీద వచ్చిన రంగు చూసుకుని ఊరుకుంటే మనది కాని హెచ్చరిక చదివినట్టు. రంగారెడ్డి జిల్లా షాద్‌నగర్ దాటి పోతుంది కాబట్టి, దానికిచ్చిన హెచ్చరికలో గచ్చిబౌలి వాటా ఎంతో తెలియదు.

మిల్లీమీటరు అంటే కుండీలో ఎన్ని నీళ్ళు?

ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, నేను చేసుకున్నదే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు నీళ్ళు. 12 అంగుళాల కుండీ మూతి వైశాల్యం చదరపు మీటరులో సుమారు 7 శాతం. అంటే ఒక మిల్లీమీటరు వానకు కుండీలో పడేది 70 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసు.

ఎదిగిన వంగ మొక్క ఎండ రోజున లీటరు, లీటరున్నర తాగేస్తుంది. "రాత్రి వాన పడింది కదా" అని పొద్దున నీళ్ళు మానేశామనుకోండి. పడింది 4 మిల్లీమీటర్లయితే కుండీకి చేరింది 280 మిల్లీలీటర్లు. అదీ పూర్తిగా చేరదు. గుబురుగా ఉన్న మొక్క ఆకులు గొడుగులా పనిచేసి సగం నీళ్ళను కుండీ బయటికి తోసేస్తాయి. పైన మట్టి నల్లగా తడిగా కనబడుతుంది, వేలు రెండు అంగుళాలు దింపితే పొడి. వానాకాలంలో మొక్కలు వడలిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. నేను పెట్టుకున్న హద్దు 15 మిల్లీమీటర్లు. అంతకు తక్కువ పడితే వేలు పెట్టి చూసి నీళ్ళు పోస్తాను.

రెండో వైపు కూడా చూడాలి. 40 మిల్లీమీటర్లు పడితే అదే కుండీకి 2.8 లీటర్లు వస్తాయి. అడుగు రంధ్రం మూసుకుపోయి ఉంటే, కింద ట్రే నిండి ఉంటే, రెండు రోజుల్లో వేరుకుళ్ళు మొదలవుతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అదే వానకు దాదాపు 3,700 లీటర్లు పడతాయి. అవన్నీ నాలుగంగుళాల గొట్టం గుండా దిగాలి. ఆ గొట్టం మూతికి నాలుగు ఎండుటాకులు అడ్డం పడితే చాలు. అందుకే అంచనాలో 30 దాటిన అంకె కనబడితే నేను మొదట చేసే పని ట్రేలు తీసి, గొట్టం మూతి శుభ్రం చేయడం.

ఇవన్నీ తేలాలంటే మిద్దె మీద మనది ఒక కొలత ఉండాలి. నిలువు గోడలున్న స్టీలు డబ్బా, ఒక స్కేలు చాలు. అడుగూ మూతీ ఒకే వెడల్పు ఉన్న డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లు నీళ్ళు నిలిస్తే అన్ని మిల్లీమీటర్ల వాన. పిట్టగోడకు ఆనుకుని పెట్టకూడదు. గోడ ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టాలి, మొక్కల నీడలో ఉండకూడదు. రోజూ ఉదయం 8:30కి చూసి రాసుకుని ఒంపేస్తాను. వాతావరణ శాఖ కూడా రోజు లెక్క ఆ వేళకే ముగిస్తుంది కాబట్టి పోల్చడం సులువు. తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సొసైటీకి రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నాయి. మీకు దగ్గరి కేంద్రం అంకెను మీ డబ్బాతో ఒక నెల పోల్చి చూడండి. మూడు కిలోమీటర్లకే ఎంత తేడా ఉంటుందో కళ్ళారా చూస్తారు.

చివరి గంటకు రాడార్

సాయంత్రం మందు కొట్టాలా వద్దా, బండి మీద బయల్దేరాలా ఆగాలా అన్న ప్రశ్నలకు శాతాలు పనికిరావు. అప్పుడు చూడాల్సింది ఇప్పటికే కురుస్తున్న వానని. బేగంపేటలో డాప్లర్ రాడార్ ఉంది. విజయవాడ వాళ్ళకు మచిలీపట్నంలో, ఉత్తరాంధ్ర వాళ్ళకు విశాఖలో ఉన్నాయి. వాటి బొమ్మలు వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. సుమారు పది నిమిషాలకొకటి కొత్తది వస్తుంది.

బొమ్మ తెరవగానే టైము చూడండి. అక్కడ UTC అని ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైము. 10:40 UTC అంటే సాయంత్రం 4:10. ఇది తెలియక పొద్దుటి బొమ్మ అనుకుని మూసేసినవాళ్ళు నాకు తెలుసు. పక్కన రంగుల పట్టీ మీద dBZ అని ఉంటుంది. 20 దగ్గర చిన్న జల్లు, 40 దాటితే గట్టి వాన, 50 దాటితే కుండపోత, ఒక్కోసారి వడగళ్ళు.

ఒక్క బొమ్మతో ఏమీ తెలియదు. అరగంట తేడాతో రెండు కావాలి. జూన్‌లో ఒక మధ్యాహ్నం అనుకుందాం. 3:40 బొమ్మలో శంకర్‌పల్లి మీద ఎర్రటి ముద్ద ఉంది. 4:10 బొమ్మలో అది కొల్లూరు దగ్గరికొచ్చింది. అరగంటలో దాదాపు 13 కిలోమీటర్లు కదిలింది, అంటే గంటకు 26. కొల్లూరు నుంచి నిజాంపేటకు గీత గీస్తే ఇంకా 15 కిలోమీటర్లు, అంటే 35 నిమిషాలు. 4:45కి మన దగ్గరికి రావాలి. బొమ్మ మన కంటబడేసరికే పది నిమిషాలు గడిచిపోతాయి కాబట్టి చేతిలో ఉన్నది పాతిక నిమిషాలు. నారు ట్రేలు షెడ్డు కిందికి జరపడానికి అది చాలు. వేపనూనె కలపడానికి మాత్రం పోకూడదు.

ఈ లెక్క గంట దాటితే నమ్మకూడదు. అలాంటి మేఘం ఒక్కోటి అరగంట, గంట బతికి ఆరిపోతుంది. అది ఆరిపోతూ కిందికి తోసిన చల్లగాలి వల్ల పక్కన కొత్తది లేస్తుంది. అది ఏ బొమ్మలోనూ ముందు కనబడదు. ఆ ఆదివారం నా వంగ మొక్కల మీద పడ్డది అలాంటిదే అయి ఉంటుంది. ఆకాశంలో ఎక్కడా లేని మబ్బు నా నెత్తి మీదే పుట్టింది.

వాతావరణ శాఖ నిపుణులే ఈ బొమ్మలు చదివి మూడు గంటల హెచ్చరిక ఇస్తుంటారు. దాన్ని నౌకాస్ట్ అంటారు, మౌసమ్ యాప్‌లో కనబడుతుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్ మనమున్న చోటును బట్టి హెచ్చరికలు పంపుతుంది. పిడుగులకు పుణె సంస్థవాళ్ళ దామిని యాప్ ఉంది. మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాలు గీసి, గత పావుగంటలో ఎక్కడ పిడుగు పడిందో చూపిస్తుంది. 20 కిలోమీటర్ల వలయంలో చుక్క కనబడితే మిద్దె దిగేయాలి. కోసిన బెండకాయల గంప అక్కడే ఉన్నా సరే. మిద్దె మీద ఎత్తయిన వస్తువు మనమే, పక్కనే ఇనుప పందిరి.

ఈ మూడూ ఫోన్‌లో ఉండి కూడా మోగకపోవడం మామూలే. కారణం దాదాపు ఎప్పుడూ సెట్టింగే. "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే లొకేషన్" అని ఇచ్చి ఉంటాం, లేదా బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. ఈ రెండు మార్చకపోతే హెచ్చరిక వాన వెలిశాక వస్తుంది.

ఒక వారం ఎలా గడిచింది

ఈ జూన్‌లో ఒక వారం నా నోటుపుస్తకంలో ఇలా ఉంది. ఆదివారం రెండు లెక్కలూ బుధవారం నుంచి మబ్బు, వాన అని ఒకే మాట చెప్పాయి. బులెటిన్‌లో బంగాళాఖాతంలో అల్పపీడనం అని ఉంది. కాబట్టి నమ్మి, టమాటా నారు మంగళవారం సాయంత్రం నాటాలని పెట్టుకున్నాను, తర్వాత మూడు రోజులు ఎండ తగలదు కదా. వేపనూనె సోమవారం పొద్దున్నే కొట్టేశాను. ద్రవ ఎరువు మాత్రం ఆపాను, గట్టి వానకు ముందు పోస్తే అడుగు రంధ్రం గుండా పోతుంది.

మంగళవారం జిల్లా హెచ్చరిక పసుపు: ఒకటి రెండు చోట్ల భారీ, చాలా చోట్ల మోస్తరు, ఈదురుగాలులు. బీర పందిరికి రెండు కట్లు అదనంగా వేశాను, ట్రేలు తీశాను, గొట్టం మూతి కడిగాను. నారు నాటాను.

బుధవారం యాప్ 12 మిల్లీమీటర్లు అంది. డబ్బాలో 5 ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే లోపల పొడి, ముసురులోనే గొడుగు పట్టుకుని వంగ మొక్కలకు నీళ్ళు పోశాను. పక్కింటావిడ పిట్టగోడ మీంచి చూసి "వానలో నీళ్ళేంటి అన్నయ్యా" అంది. వేలు పెట్టి చూడమన్నాను. చూసి, వెళ్ళి తన మల్లె కుండీలు కూడా తడిపింది.

గురువారం యాప్ 9 మిల్లీమీటర్లు అని చూపించింది. మూడున్నరకు నౌకాస్ట్ వచ్చింది. రాడార్‌లో పడమటి నుంచి ఎర్ర ముద్ద. ఈసారి అరగంట ముందే నారు కుండీలన్నీ షెడ్డు కిందికి చేర్చాను. శుక్రవారం ఉదయం 8:30కి మా డబ్బాలో 38 మిల్లీమీటర్లు. ఉప్పల్‌లో మా చెల్లెలు కూడా ఇప్పుడు ఒక డబ్బా పెట్టింది. దానిలో 2.